చలికాలంలో పెరుగు గట్టిగా తోడుకోవాలంటే

మే నెలలో విజయవాడలో రాత్రి తోడు వేసిన పాలు తెల్లవారకముందే గిన్నె వంచినా కదలనంత గట్టి పెరుగవుతాయి. ఎక్కడ పులిసిపోతుందోనన్నదే అప్పుడు బెంగ. అదే రకం పాలు, అదే గిన్నె, అదే తోడు డిసెంబరు చివర హైదరాబాదులో వాడితే, ఉదయానికి పైన పలచని మీగడ పొర, దాని కింద గరిటె పెడితే జారిపోయే చిక్కని పాల వంటి ద్రవం కనిపిస్తాయి. ఇలా జరిగిన ఇంట్లో మొదటి అనుమానం పాలవాడి మీదకు వెళుతుంది, రెండవది తోడు మీదకు. మర్నాడు రాత్రి రెండు చెంచాలకు బదులు నాలుగు చెంచాల తోడు వేస్తారు. ఈసారి పెరుగు పుల్లగా, నీళ్లు విడిచి, ముక్కలు ముక్కలుగా వస్తుంది కానీ గట్టిపడదు. లోపం చాలాసార్లు పాలలోనూ లేదు, తోడులోనూ లేదు. తోడు వేసిన తరువాత మొదటి మూడు నాలుగు గంటలు ఆ గిన్నె ఎంత వెచ్చగా ఉందన్నదే అసలు విషయం. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ వెచ్చదనాన్ని నిలబెట్టడం గురించే ఉంటుంది.

గిన్నెలో జరిగేది

తోడులో ఉన్న లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, తిని లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. మామూలు పాల పీహెచ్ 6.6కు అటూ ఇటూగా ఉంటుంది. పులుపు పెరిగే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. పాలలో విడివిడిగా తేలుతుండే కేసీన్ అనే మాంసకృత్తుల కణాలు, పీహెచ్ 4.6 దగ్గరకు వచ్చేసరికి ఒకదానినొకటి పట్టుకుని వల అల్లుకుంటాయి. ఆ వల తన కన్నాల్లో నీటినీ వెన్ననూ బంధించి ఉంచుతుంది. మనం గడ్డ పెరుగు అనేది ఆ వలనే. పులుపు అంత దాకా చేరకపోతే వల సగంలో ఆగిపోతుంది, పెరుగు జారుతుంది.

ఇంటి తోడులో ఒకే జాతి బాక్టీరియా ఉండదు. 40 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో చురుకుగా పనిచేసేవి కొన్ని, 30 డిగ్రీల ప్రాంతంలో హాయిగా పెరిగేవి కొన్ని కలిసి ఉంటాయి. 40 డిగ్రీల దగ్గర ఐదారు గంటల్లో అయ్యే పని, 30 డిగ్రీల దగ్గర ఎనిమిది పది గంటలు పడుతుంది. 20 డిగ్రీలకు దిగితే మొదటి రకం దాదాపు నిద్రపోతుంది, రెండవ రకం నెమ్మదిగా సాగుతుంది, రాత్రి గడిచినా పని పూర్తికాదు. వేసవిలో విజయవాడ వంటగది రాత్రంతా 32 డిగ్రీలకు తగ్గదు కనుక పాలు చల్లారినా అక్కడికే చల్లారతాయి. మన ప్రమేయం లేకుండానే గది ఆ వేడిని కాపాడుతుంది. చలికాలంలో ఆ పని మనం చేయాలి.

గిన్నె ఎంత వేగంగా చల్లారుతుందో చాలామంది ఊహించరు. అరలీటరు పాలు స్టీలు గిన్నెలో, 38 డిగ్రీల దగ్గర తోడు వేసి, 20 డిగ్రీల గదిలో గట్టు మీద పెడితే, గంటకు 28 డిగ్రీల దగ్గరకు, రెండు గంటలకు 23 దాకా పడిపోతాయి. గ్రానైట్ గట్టు అయితే అడుగు నుంచి ఇంకా త్వరగా వేడి లాగేస్తుంది. అంటే మనం నిద్రకు ఉపక్రమించేలోపే బాక్టీరియా పని మందగించిందన్నమాట.

పాలు కాచడం

మొదట పాల సంగతి చూద్దాం, ఎందుకంటే వెచ్చదనం సరిపోయినా పాలు సరిగా కాగకపోతే పెరుగు పలచగానే వస్తుంది. ప్యాకెట్ పాలు ముందే పాశ్చురీకరణ చేసినవి కాబట్టి కాస్త వెచ్చబెడితే చాలని కొందరు అనుకుంటారు. ఆ ప్రక్రియలో పాలు 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లే ఉంటాయి. సూక్ష్మజీవులను చంపడానికి అది సరిపోతుంది కానీ గట్టి పెరుగుకు సరిపోదు. పాలలో కేసీన్ కాక, పాలు విరిగినప్పుడు తేటలో మిగిలే మరో రకం మాంసకృత్తులు కూడా ఉంటాయి. సుమారు 85 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు ఉంటేనే అవి విప్పుకుని కేసీన్ కణాలకు అంటుకుంటాయి, వల దట్టమవుతుంది, నీరు బయటకు కారదు. అందువల్ల ఒక పొంగు రాగానే పొయ్యి ఆపేయకండి. మంట బాగా తగ్గించి, అడుగంటకుండా అప్పుడప్పుడు గరిటెతో కదుపుతూ మరో పది నిమిషాలు మరగనివ్వండి. కొంత నీరు ఆవిరి కావడం వల్ల కూడా పాలు చిక్కబడతాయి.

పల్లెల్లో దాలిలో కాచిన పాలతో పెరుగు అంత గట్టిగా ఎందుకు వచ్చేదో దీనితో అర్థమవుతుంది. పిడకల నిప్పు మీద మట్టికుండలో పాలు గంటల తరబడి కాగి, పైన ఎర్రటి మీగడ కట్టేవి. ఈ పది నిమిషాల మరుగు దాలికి సాటి రాదు కానీ ఆ దారిలోనిదే.

పాల రకం విషయంలో ఒక మాట. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ అని ఉంటే 6 శాతం ఉంటుంది. చలికాలంలో ఫుల్ క్రీమ్ పాలు వాడితే పెరుగు తప్పక చిక్కగా ఉంటుంది, గేదె పాలైతే మరీ మంచిది. అయితే వెచ్చదనం లేకపోతే ఏ పాలూ తోడుకోవు కాబట్టి, టోన్డ్ పాలతోనే మొదలుపెట్టి విధానం కుదిరాక పాలు మార్చుకోవడం నా సలహా.

ఎంత వేడి ఉన్నప్పుడు తోడు వేయాలి

గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయాలని అందరికీ తెలుసు. చలికాలంలో ఈ గోరువెచ్చదనమే మనల్ని మోసం చేస్తుంది. వేలు చల్లగా ఉన్నప్పుడు 35 డిగ్రీల పాలు కూడా వేడిగా అనిపిస్తాయి. ఇంకా చల్లారాలని మనం ఆగుతాం, చివరికి 30 డిగ్రీల దగ్గర తోడు వేస్తాం. అందుకని వేలు ముంచే ముందు చేతిని ఒక నిమిషం వెచ్చని నీళ్లలో ఉంచి, తుడుచుకుని అప్పుడు చూడండి. శుభ్రమైన చిటికెన వేలు పాలలో పెట్టి పది లెక్కపెట్టే వరకు హాయిగా ఉంచగలగాలి, అయితే వెచ్చదనం స్పష్టంగా తెలుస్తూ ఉండాలి. వేడీ చల్లనా తెలియకపోతే పాలు మన ఒంటి వేడికి దిగిపోయినట్టే. వేసవికి అది చాలు, చలికి చాలదు. వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఈ సందేహమే ఉండదు. వేసవిలో 36 నుంచి 38, చలికాలంలో 42 నుంచి 43 డిగ్రీల మధ్య తోడు వేయండి.

చలిగా ఉంది కదా అని మరింత వేడి పాలలో తోడు వేయడం నాలుగు చెంచాల తోడు వేయడం కన్నా పెద్ద పొరపాటు. 50 డిగ్రీలు దాటిన పాలలో తోడులోని బాక్టీరియా చాలా భాగం దెబ్బతింటుంది. ఉదయానికి పాలు తియ్యగానే మిగులుతాయి, లేదా అడుగున తరకలు, పైన తేట నీళ్లుగా విడిపోతాయి.

తోడు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒకటి రెండు రోజుల కిందటి కమ్మటి పెరుగు మంచిది. వారం దాటి ఫ్రిజ్‌లో పులిసిన పెరుగులో బాక్టీరియా తన పులుపుకు తానే నీరసించి ఉంటుంది. చేమిరి అనండి, తోడంటు అనండి, అరలీటరు పాలకు చలికాలంలో రెండు టీస్పూన్లు చాలు, వేసవిలో అందులో సగం కూడా ఎక్కువే. ఫ్రిజ్ నుంచి తీసిన తోడు పాలను చల్లార్చేస్తుందని ఒక అభిప్రాయం ఉంది. లెక్క వేస్తే, ఆ రెండు టీస్పూన్లు అరలీటరు పాల వేడిని ఒక డిగ్రీ కూడా తగ్గించవు. ముందుగా తీసి బయట పెట్టమనేది, చల్లగా గడ్డగా ఉన్న తోడు పాలలో సమంగా కలవదు కనుక. దానిని చిన్న గిన్నెలో వేసి, రెండు మూడు చెంచాల వెచ్చని పాలు పోసి, ఉండలు లేకుండా చిలికి, ఆ తరువాత మొత్తం పాలలో కలపండి. తిరగబోయడం, నురుగు తేవడం అవసరం లేదు, అడుగు నుంచి నాలుగైదు సార్లు మెల్లగా కలిపితే సరి.

తోడు ఎందుకు పెంచకూడదంటే, ఎక్కువ తోడుతో పాటు ఎక్కువ పులుపు కూడా మొదటే వచ్చి కలుస్తుంది. వల నింపాదిగా అల్లుకోవడానికి వీలులేక ముతకగా, గరుకుగా కడుతుంది, నీరు విడిచిపెడుతుంది.

వెచ్చదనాన్ని నిలబెట్టడం

ఇక అసలు పనికి వద్దాం. గిన్నెకు టవలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అది కొంతవరకు పనిచేస్తుంది. అయితే టవలు వేడి పుట్టించదు, ఉన్న వేడి పోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. అరలీటరు పాలలో దాచుకోవడానికి ఉన్న వేడే తక్కువ కాబట్టి, ఎంత చుట్టినా రెండు మూడు గంటలకు అది అయిపోతుంది. రెండు లీటర్ల పాలు తోడు వేసే ఇంట్లో టవలు ఒక్కటీ సరిపోవడం, అరలీటరు వేసే ఇంట్లో సరిపోకపోవడం అందుకే. కొత్తగా వేరు కాపురం పెట్టినవాళ్లు, మా అమ్మ దగ్గర ఇలా కాదే అని బాధపడటంలో ఈ పరిమాణం తేడా చాలా ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన ఉత్తమమైన ఉపాయం, పాల చుట్టూ వెచ్చని నీళ్లు ఉంచడం. పాలు చల్లారాలంటే ముందు ఆ నీళ్లు కూడా చల్లారాలి కదా. ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు తీసుకోండి. అందులో ఒకటిన్నర లీటరు నీళ్లు 45 డిగ్రీల వేడికి తెచ్చి పోయండి. పాలకన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడి, అంటే చేయి పెడితే వేడిగా ఉండి కాలకుండా ఉండాలి. పొయ్యి మీద నుంచి దించిన తరువాతే పాలగిన్నెను మూతతో సహా అందులో దింపండి. నీళ్లు గిన్నెలో పాల మట్టానికి కొంచెం కిందగా ఉండాలి, గిన్నె తేలకూడదు, తేలితే కొంత నీరు తీసేయండి. కుక్కరు మూత పెట్టి, విజిల్ తీసి, అడుగున మడతపెట్టిన గోనెసంచి గానీ పాత దుప్పటి గానీ వేసి, పైన కూడా మందంగా కప్పండి. పొయ్యి మీద మాత్రం ఉంచకండి, పొరపాటున ఎవరైనా వెలిగిస్తే పాలు విరుగుతాయి.

ఈ పద్ధతిలో ఒక రాత్రి ఎలా గడిచిందో చెబుతాను. హైదరాబాదులో భోగికి ముందు రోజులు, వంటగదిలో రాత్రి 20 డిగ్రీలు. అరలీటరు టోన్డ్ పాలు పది నిమిషాలు మరిగించి, 43 డిగ్రీలకు దిగాక తొమ్మిదింటికి రెండు టీస్పూన్ల తోడు కలిపి కుక్కరులో పెట్టాను. అర్ధరాత్రి నీళ్లు 36 డిగ్రీలు చూపాయి, మూడింటికి 32. ఉదయం ఆరింటికి గిన్నెను పక్కకు వంచితే పెరుగు అంచు నుంచి ఒక్క ముక్కగా వేరుపడింది, చెంచాతో తీసిన చోట గుంట అలాగే నిలిచింది. అదే రాత్రి పోలిక కోసం అవే పాలలో మరో అరలీటరును, అదే తోడుతో, స్టీలు గిన్నెలో గట్టు మీద ఉంచాను. ఉదయానికి అది మీగడ కింద ద్రవంగానే ఉంది. చివరి గంటల్లో వేడి 30కి దిగినా నష్టం లేదు, ఎందుకంటే బాక్టీరియా సంఖ్య పెరిగేది, పులుపులో సింహభాగం పుట్టేది అంతకు ముందు గంటల్లోనే.

కుక్కరు లేకపోతే హాట్ బాక్సు వాడవచ్చు. అయితే ముందు దానిలో వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, తుడిచి, ఆ తరువాతే పాలు పోయండి. లేకపోతే చల్లని లోపలి గోడలు మొదటి వేడిని మింగేస్తాయి. మట్టిపిడతల సంగతి వేరు. వేసవిలో అవి గొప్ప పాత్రలు, పిడత తేట నీటిని పీల్చి పెరుగును చిక్కబరుస్తుంది. కానీ ఆ పీల్చిన నీరు బయటి గోడ మీద ఆవిరవుతూ పాలను చల్లబరుస్తుంది, మంచినీళ్ల కుండ చల్లగా ఉండటానికి కారణమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా పిడతను పక్కన పెట్టడం మంచిది.

ఆదిలాబాదు, లంబసింగి వైపు రాత్రులు మరీ చల్లగా ఉండే చోట్ల కుక్కరు నీళ్లు కూడా తెల్లవారేదాకా నిలవవు. అక్కడివారు రాత్రి తోడు వేసే అలవాటు మానుకుని పగలు వేయడం తెలివైన పని. ఉదయం పదింటికి వేసి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి, నాలుగింటికి చూడవచ్చు. నిజానికి చలికాలంలో ఎక్కడైనా పగటి తోడే నాకు ఇష్టం, కళ్ల ముందు జరుగుతుంది కాబట్టి సరిదిద్దుకునే వీలుంటుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న తెలుగువారికి, హీటరు వేసిన ఇల్లు కూడా 20, 21 డిగ్రీలే ఉంటుంది, అంటే జనవరి రాత్రి హైదరాబాదు వంటగదికి పెద్ద తేడా లేదు. వారు అవెన్‌లో దీపం వెలిగించి గిన్నె పెడుతుంటారు. ఆ దీపం పాత రకం బల్బయితే వేడి వస్తుంది, ఎల్ఈడీ అయితే వెలుతురే తప్ప వేడి రాదు, ముందుగా థర్మామీటరు పెట్టి గంట తరువాత చూసుకోవాలి.

ఏ పద్ధతి అయినా మధ్యలో గిన్నెను కదపకండి, చెంచా పెట్టి చూడకండి. సగం అల్లుకున్న వల ఒకసారి తెగితే మళ్లీ అంత గట్టిగా అతుక్కోదు. గడ్డకట్టిన తరువాత మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే వల బిగుసుకుని మరింత గట్టిపడుతుంది, పులుపు కూడా అక్కడితో దాదాపు ఆగుతుంది.

ఉదయానికి తోడుకోకపోతే

లేవగానే చూస్తే జారుగా ఉందనుకోండి. కలపకుండా ముందు వాసన చూడండి, చెంచా కొసతో ఒక చుక్క రుచి చూడండి. కమ్మటి పుల్లదనం తగిలితే పని జరుగుతోంది, నెమ్మదిగా జరుగుతోందంతే. గిన్నెను అలాగే 45 డిగ్రీల నీళ్లున్న కుక్కరులో దింపి, కప్పి, రెండు మూడు గంటలు వదిలేయండి. చాలాసార్లు గట్టిపడుతుంది. కొత్తగా తోడు వేసి కలపకండి, దానివల్ల కట్టిన కొద్ది వల కూడా చెదిరిపోతుంది.

పాలు ఇంకా తియ్యగానే ఉంటే తోడు చచ్చిపోయి ఉండాలి, లేదా మొదటి నుంచీ చల్లగా ఉండి ఉండాలి. అలాంటి పాలను ఇంకా గంటల తరబడి వెచ్చగా ఉంచడం నాకు సమ్మతం కాదు. పులుపు లేని పాలలో పెరుగు బాక్టీరియాకు బదులు వేరే సూక్ష్మజీవులు చోటు చేసుకుంటాయి. చేదు, మురుగు వాసన, బుడగలు, గులాబీ లేదా పచ్చని మరకలు కనిపిస్తే ఆలోచించకుండా పారబోయండి. తోడు కూడా కొత్తది తెచ్చుకోండి. పాలూ తోడూ వేడీ అన్నీ సరిగా ఉన్నా వరుసగా ఒకే పాలు తోడుకోకపోతే పాలు మార్చి చూడండి. పశువుకు యాంటీబయాటిక్ మందులు వాడిన కొద్ది రోజుల్లో పితికిన పాలలో వాటి అవశేషం ఉంటే తోడు పనిచేయదు.

చలిలో కనిపించే మరో ఇబ్బంది, పెరుగు తోడుకుంటుంది కానీ చెంచాతో ఎత్తితే జిగురుగా తీగలు సాగుతుంది. తక్కువ వేడిలో కొన్ని జాతుల బాక్టీరియా పులుపు కన్నా జిగురు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. వాసన రుచి బాగుంటే అది తినడానికి ఇబ్బంది లేదు. అయితే ఆ పెరుగునే మళ్లీ తోడుగా వాడితే జిగురు జాతులే రోజురోజుకూ పెరుగుతాయి, పది రోజుల్లో పెరుగంతా సాగుడుగా మారుతుంది. ఇరుగుపొరుగున గట్టిగా తోడుకునే ఇంటి నుంచి రెండు చెంచాల పెరుగు అడిగి తెచ్చుకుని, 42 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. ఒకటి రెండు రోజుల్లో తీగ తగ్గుతుంది.

తోడు దొరకని చోట తొడిమతో సహా పచ్చిమిరపకాయలను వెచ్చని పాలలో వేసి ఉంచే పద్ధతి ఒకటుంది. తొడిమల మీద లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటుంది కాబట్టి అది పనిచేయవచ్చు. మొదటి విడత పలచగా, రుచి నిలకడ లేకుండా వస్తుంది. దాన్ని పెరుగుగా తినక, తోడుగా మాత్రమే వాడి రెండు మూడుసార్లు వెచ్చగా తోడు వేస్తే నిలదొక్కుకుంటుంది.

గట్టిగా వచ్చిన రోజునే, ఎవరూ చెంచా పెట్టకముందు, గిన్నె మధ్య నుంచి రెండు చెంచాల పెరుగు తీసి చిన్న మూత గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాటి తోడు అదే.